ఇంకెన్ని పీరియడ్లు రావాలి? హాజరు లెక్క ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు మూడో వారం

విజయనగరం శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేస్తాను. రెండో సంవత్సరం సెక్షన్ ఒకదానికి క్లాస్ ఇన్‌చార్జిని కూడా. ఆగస్టు మొదట్లో సెమిస్టర్ మొదలైంది. ఇప్పుడు మొదటి షార్టేజ్ లిస్టు నోటీసు బోర్డు ఎక్కింది. ఎక్కిన దగ్గర్నుంచీ స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఒకటే ప్రశ్న: "సార్, నాది 67 ఉంది. ఇంకెన్ని క్లాసులొస్తే 75 అవుద్ది?"

ఒక్కొక్కరికీ కాగితం మీద లెక్క వేసిచ్చే బదులు చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసిపెడదామని మొదలుపెట్టాను. పైథాన్‌లో నాలుగు లైన్లు చాలు. అయితే రాయడానికి ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఆ ప్రశ్నకు అడిగిన పద్ధతిలో జవాబు లేదు. "నాది 67 శాతం" అంటే ఏమీ తెలియదు. 30 పీరియడ్లు జరిగితే 20కి వచ్చినవాడిదీ, 300 జరిగితే 200కి వచ్చినవాడిదీ ఒకే శాతం. మొదటివాడు వరసగా 10 పీరియడ్లు వస్తే 40లో 30 అవుతుంది, 75 శాతం వచ్చేస్తుంది. రెండోవాడు 100 రావాలి. రోజుకు 6 పీరియడ్ల చొప్పున రోజుల్లో చెప్పాలంటే మొదటివాడికి రెండు రోజులు కూడా పట్టదు, రెండోవాడికి సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకని ప్రోగ్రామ్ శాతం అడగదు. జరిగిన పీరియడ్లు ఎన్ని, వచ్చినవి ఎన్ని అని మాత్రమే అడుగుతుంది.

రెండోది, ఏ గీత దాటాలి అన్నది. మా పిల్లలకు వర్తించే యూనివర్సిటీ ఆర్23 నిబంధనల్లో గీతలు మూడున్నాయి. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. విడిగా ప్రతి సబ్జెక్టులోనూ కనీసం 40 ఉండాలి. కలిపిన శాతం 75 కన్నా తక్కువై 65కి తగ్గకపోతే, సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే తక్కువైన హాజరుకు మినహాయింపు, అడగొచ్చు. 65 కన్నా కింద ఉంటే కండొనేషన్ మాటే లేదు, డిటైన్ చేస్తారు. ఆ సెమిస్టర్ మళ్లీ జూనియర్లతో కూర్చుని చదవాలి. కాబట్టి శాతం అన్నది ప్రోగ్రామ్‌లో పాతేసిన అంకె కాకూడదు, బయటి నుంచి ఇచ్చేదై ఉండాలి.

ఇంకో మాట. కలిపిన శాతం అంటే సబ్జెక్టుల శాతాల సగటు కాదు. అన్ని పీరియడ్లూ ఒక కుప్పగా పోసి లెక్కపెట్టాలి. ల్యాబ్ ఒక మధ్యాహ్నమే అయినా అది 3 పీరియడ్లు. సాయంత్రం బండి అందుకోవాలని ల్యాబ్ ఎగ్గొట్టేవాళ్లు "ఒక్క క్లాసే కదా" అనుకుంటారు, రిజిస్టర్‌లో మాత్రం 3 పడతాయి.

అదే వారం, శుక్రవారం

మొదటి నమూనాగా ఒక బొబ్బిలి కుర్రాడి లెక్క తీసుకున్నాను. రోజూ రైల్లో వచ్చి వెళ్తాడు. ఈ రోజుకి జరిగినవి 246 పీరియడ్లు, వాడు వచ్చినవి 165. శాతం 67.07.

వాడు అప్పటికే ఒక లెక్క వేసుకొచ్చాడు. 246లో 75 శాతం అంటే 184.5. అంటే 185 ఉండాలి, తనకు 165 ఉన్నాయి, కనుక 20 తక్కువ. "ఇరవయ్యే సార్. మూడ్రోజులు వచ్చేసి, నాలుగోరోజు రెండు పీరియడ్లు కూర్చుంటే అయిపోద్ది" అన్నాడు.

సెక్షన్‌లో నూటికి తొంభైమంది వేసే లెక్క ఇదే. ఆ 20 వచ్చాక ఏమవుతుందో బోర్డు మీద వేసి చూపించాను. వచ్చినవి 185 అవుతాయి, నిజమే. కానీ ఆ 20 పీరియడ్లూ జరిగినవాటిలో కూడా కలుస్తాయి కదా, 246 కాస్తా 266 అవుతుంది. 266లో 185 అంటే 69.5 శాతం. రెండున్నర శాతం మాత్రమే కదిలింది.

"మరి ఏటి సార్, వచ్చినా పెరగదా?" అన్నాడు. పెరుగుతుంది, కానీ పావు వంతు చొప్పున పెరుగుతుంది. ఒక పీరియడ్ జరిగిందంటే మన దగ్గర ఉండాల్సిన హాజరు ముప్పావు పెరుగుతుంది. ఆ పీరియడ్‌కి మనం వస్తే ఒకటి చేతికొస్తుంది. ఒకటిలో ముప్పావు ఆ పీరియడ్‌కే చెల్లిపోగా, పాత బాకీ కింద జమయ్యేది పావు. వాడి బాకీ 19.5 పీరియడ్లు. పావు చొప్పున తీర్చాలంటే దానికి నాలుగింతలు, అంటే 78 పీరియడ్లు కావాలి. వాడు అనుకున్నదానికి దాదాపు నాలుగు రెట్లు. రోజుకు 6 పీరియడ్లు కనుక ఒక్కటీ మానకుండా 13 పని రోజులు.

సరిచూద్దాం. 165కి 78 కలిపితే 243. 246కి 78 కలిపితే 324. 324లో ముప్పావు సరిగ్గా 243.

ఇదే లెక్కకు ఇంకో దారి ఉంది. పిల్లలకు చెప్పడానికి నాకు అదే నచ్చింది. వచ్చినవి వదిలేసి, రానివి పట్టుకోవాలి. వాడు మానేసినవి 81. ఇకమీదట ఒక్కటీ మానకపోతే ఆ 81 అక్కడే ఆగిపోతుంది, జరిగినవి మాత్రం పెరుగుతూ పోతాయి. 75 శాతం హాజరు అంటే మానినవి మొత్తంలో పావుకి మించకూడదని అర్థం. 81 అన్నది ఎంతలో పావు? 324లో. అంటే జరిగిన పీరియడ్ల సంఖ్య 324 దగ్గరికి చేరిన రోజున వాడు గీత దాటతాడు. ఇప్పుడు 246 దగ్గర ఉన్నాం, ఇంకా 78 ఉన్నాయి.

మానినవి నాలుగుతో గుణించు, జరిగినవి తీసెయ్. 75 శాతానికి కావాల్సిన లెక్క ఇంతే. ఫోన్ కూడా అక్కర్లేదు. గీత 80 అయితే అయిదుతో గుణించాలి. 65కి మాత్రం 20 బై 7తో గుణించాలి, అది నోటితో అయ్యేది కాదు, అందుకే ప్రోగ్రామ్. 100 శాతం అడిగేచోట ఈ లెక్క మొత్తం చేతులెత్తేస్తుంది. ఒక్కటి మానినా ఎన్ని వచ్చినా 100 కాదు, ఆ మానినదాన్ని విడిగా చేసి పూడ్చాల్సిందే. నర్సింగ్ కోర్సుల్లో క్లినికల్ హాజరు అలాంటిదే.

వాడి నోట్‌బుక్ అట్ట మీద 324 అని రాసిచ్చాను.

మర్నాడు, ప్రోగ్రామ్ పని

రాసింది ఇది:

```python
def inka_enni(total, present, pct):
    if pct == 100:
        return 0 if present == total else None
    baaki = pct * total - 100 * present
    return max(0, -(-baaki // (100 - pct)))
```

చివరి లైనులో రెండు మైనస్ గుర్తులు కొత్తవాళ్లకు వింతగా ఉంటాయి. పైథాన్‌లో `//` భాగహారం ఎప్పుడూ కిందికి దిగుతుంది. మనకు పైకి ఎక్కాలి, ఎందుకంటే 98.57 పీరియడ్లు రావాలంటే 99 రావాలి, అర పీరియడ్ హాజరు ఎవరూ వెయ్యరు. అందుకే ముందు రుణం చేసి, కిందికి దింపి, మళ్లీ ధనం చేశాను. `max(0, ...)` ఎందుకంటే ఇప్పటికే గీత దాటి ఉన్నవాళ్లకు బాకీ మైనస్‌లో వస్తుంది. వాళ్లకు "ఇంకా మైనస్ 12 రావాలి" అని చూపిస్తే నవ్వుతారు.

75, 40 లాంటివాటిని 0.75, 0.4 అని కాకుండా పూర్తి అంకెలుగానే ఉంచడానికి కారణం ఉంది. ఒక సబ్జెక్టులో 28 పీరియడ్లు జరిగి, 10కే వచ్చిన పిల్ల ఒకామె ఉంది. 35.7 శాతం, 40 గీత కింద. రెండు వస్తే 30లో 12, సరిగ్గా 40. దీన్నే దశాంశాలతో అడిగి చూశాను:

```python
import math
math.ceil((0.4 * 28 - 10) / (1 - 0.4))   # 3
inka_enni(28, 10, 40)                    # 2
```

మొదటిది 3 అంటుంది. 0.4 అనే అంకెను కంప్యూటర్ తన సున్నా, ఒకటి అనే రెండంకెల పద్ధతిలో కచ్చితంగా రాసుకోలేదు. దానికి అతి దగ్గరి అంకె పెట్టుకుంటుంది. 28తో గుణిస్తే 11.2 రావాల్సిన చోట 11.200000000000001 వస్తుంది. చివరికి జవాబు 2కి బదులు 2.0000000000000018 అవుతుంది. పైకి ఎక్కించమన్నాం కనుక అది నమ్మకంగా 3కి ఎక్కేస్తుంది. ఒక్క పీరియడ్ తేడాయే. కానీ సరిగ్గా గీత మీద నిలబడేవాళ్ల దగ్గరే ఇది బయటపడుతుంది, మనల్ని అడగడానికి వచ్చేది కూడా వాళ్లే. పూర్తి అంకెలతో చేస్తే ఈ బెడద ఉండదు.

సూత్రం సరైందో కాదో తెలుసుకోవడానికి, ఏ తెలివీ లేని రెండో ఫంక్షన్ ఒకటి రాశాను. ఒక్కో పీరియడ్ వస్తూ పోవడం, గీత దాటగానే ఆగడం, అంతే దాని పని:

```python
def okkokkati(total, present, pct):
    x = 0
    while 100 * (present + x) < pct * (total + x):
        x += 1
    return x
```

జరిగినవి 1 నుంచి 200 వరకు, వచ్చినవి 0 నుంచి జరిగినన్ని వరకు, గీత 40, 65, 75, 80 పెట్టి రెండిటినీ పక్కపక్కన నడిపించాను. ఎక్కడా తేడా రాలేదు. గమనిస్తే ఈ రెండో ఫంక్షన్‌లో అసలు భాగహారమే లేదు. శాతం లెక్కకట్టి 75తో పోల్చకుండా, రెండు వైపులా గుణించి పోల్చాను.

సెప్టెంబరు చివర

మూడో బెంచీ అమ్మాయి ఒకతె తన అంకెలు పెట్టి చూసుకుని ఏడుపు ముఖంతో వచ్చింది. ఆమె పెట్టినవి ఆ శుక్రవారం నాటి అంకెలే, యాదృచ్ఛికంగా ఈమెవీ 246లో 165. "78 అంటంది సార్ ఇది" అంది. రిజిస్టర్ తీస్తే, ఎన్ఎస్ఎస్ క్యాంపుకి వెళ్లిన రెండు రోజుల ఓడీ, అంటే కాలేజీ తరఫున వెళ్లినందుకు వేసే హాజరు, ఇంకా పోస్ట్ కాలేదు. 12 పీరియడ్లు. అవి పడితే మానినవి 81 నుంచి 69కి దిగుతాయి. 69ని నాలుగుతో గుణిస్తే 276, అందులోంచి 246 తీసేస్తే 30. అంటే ఒక కాగితం మీద సంతకంతో 48 పీరియడ్లు తగ్గాయి. ఆ రెండు రోజులూ మళ్లీ జరగలేదు, అవి జరిగినవాటిలో ముందే ఉన్నాయి. అందుకే ఓడీ పీరియడ్ ఒక్కోటీ నాలుగు పీరియడ్ల విలువ చేస్తుంది. రోజూ క్లాసుకొచ్చి ఒకటి సంపాదిస్తే బాకీకి పావే జమ, ఇది పూర్తి జమ.

ఇది చూశాక ప్రోగ్రామ్ మొదటి ప్రశ్నగా "ఓడీలన్నీ పడ్డాయా?" అని పెట్టాను. ఎవరూ చదవకుండా ఎంటర్ కొట్టేస్తున్నారు, అది వేరే సంగతి.

అక్టోబరు మొదటి వారం

బొబ్బిలి కుర్రాడికి చెప్పిన 78 అన్నది అన్నిటికన్నా తొందరగా గీత దాటే దారి. కానీ పరీక్షకు కూర్చోవాలంటే చూసేది సెమిస్టర్ చివరి రోజున ఎంత ఉందన్నది. మధ్యలో వరసగా వచ్చాడా, విడతలుగా వచ్చాడా అని ఎవరూ చూడరు. కాబట్టి రెండో లెక్క కూడా కావాలి: సెమిస్టర్‌లో ఇంకా మిగిలినవెన్ని, వాటిలో ఎన్ని మానినా ఫరవాలేదు?

అకడమిక్ క్యాలెండర్ ముందు పెట్టుకుని సెలవులు తీసేసి లెక్కపెడితే మాకు మొత్తం 75 పని రోజులు, 450 పీరియడ్లు తేలాయి. 450లో పావు 112.5, అర పీరియడ్ వదిలేస్తే 112. సెమిస్టర్ మొత్తానికి 75 శాతం గీత మీద ఉన్నవాడు మానగలిగినవి అవి. వాడు ఇప్పటికే 81 మానాడు. మిగిలింది 31.

```python
def inka_managaligedi(total, present, pct, migilinavi):
    chivariki = total + migilinavi
    return (100 - pct) * chivariki // 100 - (total - present)
```

ఇక్కడ భాగహారం కిందికే దిగాలి, మానగలిగినవాటిని పైకి సవరిస్తే కొంప మునుగుతుంది. జవాబు మైనస్‌లో వస్తే, ఇక రోజూ వచ్చినా ఆ గీత అందదని అర్థం. అందుకే ఈసారి `max(0, ...)` పెట్టలేదు. ఆ మైనస్సే చూడాలి.

ఇది పిల్లలకు చూపించాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. "వరసగా 78 రా" అన్నది, "ఇంకా 31 మానొచ్చు" అన్నది రెండూ ఒకే లెక్క నుంచి వచ్చినవే. కానీ రెండోది చేతికిస్తే మా వాళ్లు దాన్ని సెలవుల కోటాగా వాడేస్తారని తోటి మేడమ్ ఒకరు గట్టిగా వాదించారు. దాచడం నాకు నచ్చలేదు. ఎలాగూ ఎవడో ఒకడు లెక్కకట్టి వాట్సాప్‌లో పెడతాడు. చూపించాను, కాకపోతే 450 అన్న అంకె మన అంచనా, అది మారుతుంది అని పక్కనే రాశాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా హాజరు చూస్తారు, మధ్యమధ్యలో ఇంటికి లెటర్లు వెళ్తాయి. చివరి రోజు దాకా ఆగుదామనేవాడికి ఆ మధ్య తనిఖీలప్పుడు గీత కిందే కనబడుతుంది. అందుకని తొందరి దారీ, మిగులూ రెండూ పక్కపక్కనే ఉండాలి.

సిరిమాను తర్వాత

పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం దసరా వెళ్లిన తర్వాత మంగళవారం. ఆ రోజు ఊళ్లో కాలు పెట్టే చోటుండదు, కాలేజీకీ సెలవే. సెలవు రోజున పీరియడ్లు జరగవు కనుక అది ఎటువైపూ కలవదు. పోయింది మర్నాడు. బొబ్బిలి వాడు ఉత్సవం చూడ్డానికి మేనమామ ఇంటికొచ్చి, రాత్రంతా తిరిగి, బుధవారం పడుకుండిపోయాడు.

జరిగినవి ఇప్పుడు 330. వాడు ఆ ఒక్క రోజు తప్ప మిగతా అన్నిటికీ వచ్చాడు, అది ఒప్పుకోవాలి. వచ్చినవి 243, శాతం 73.64. నేను రాసిచ్చిన 324 దాటిపోయింది, గీత మాత్రం దాటలేదు. "మీ లెక్క తప్పింది సార్" అన్నాడు. మానినవి 81 కాదురా, 87 అన్నాను. 87ని నాలుగుతో గుణిస్తే 348. ఇంకా 18 పీరియడ్లు, అంటే మూడు రోజులు. ఒక్క రోజు మానితే మూడు రోజులు వచ్చి తీర్చాలి. మానిన రోజునూ కలుపుకుంటే గీత దాటే రోజు నాలుగు రోజులు వెనక్కి జరుగుతుంది. 324 కాస్తా 348 కావడం అదే. సెమిస్టర్ చివరి మిగులు 31 నుంచి 25కి దిగింది.

అక్టోబరు మధ్య

సాలూరు నుంచి ఒకమ్మాయి తండ్రితో వచ్చింది. టైఫాయిడ్ తిరగబెట్టి చాలా వారాలు మంచం మీదే ఉంది. 330లో వచ్చినవి 180, శాతం 54.5. తండ్రి అన్నారు, "మాస్టారూ, రేపట్నుంచి ఒక్కరోజు మానదండి. సరిపోద్దా?"

ప్రోగ్రామ్ 75కి 270 అంది. మిగిలినవి 120 మాత్రమే. అంటే ఈ అమ్మాయికి 75 ఈ సెమిస్టర్‌లో అందదు. అన్నీ వచ్చినా 450లో 300, 66.67 శాతం. ఈ మాట మెత్తగా చెప్పే మార్గం లేదు, అలాగే చెప్పాను. కానీ 66.67 అన్నది 65 గీతకు పైనే ఉంది. మెడికల్ కాగితాలు సరిగ్గా ఉన్నాయి కనుక కండొనేషన్‌కు పెట్టుకోవచ్చు. 65కి ఎన్ని రావాలి? 99. సరిచూస్తే 429లో 279, 65.03 శాతం. ఒకటి తగ్గితే 428లో 278, 64.95, చాలదు.

అంటే మిగిలిన 120లో 99 వస్తే ఇక నిశ్చింత, తర్వాత 21 మానొచ్చు అని ఆయన అనుకున్నారు. అందరికీ అలాగే అనిపిస్తుంది. 99 దగ్గర గీత తాకుతుంది, నిజమే. కానీ తర్వాతి 21 కూడా జరుగుతాయి కదా, అవి మానితే మళ్లీ కిందికి జారుతుంది. 450లో 279 అంటే 62 శాతం. సెమిస్టర్ చివరికి మానగలిగినవి `inka_managaligedi` చెబుతుంది. 450లో 35 శాతం 157.5, అర పీరియడ్ వదిలేస్తే 157, ఆమె మానినవి ఇప్పటికే 150, మిగులు 7. ఒక రోజు, దాని మీద ఒక పీరియడ్. ఇంతకు మించి జ్వరం రాకూడదు.

పోర్టల్ స్క్రీన్ మీద శాతం చూసి ధైర్యపడొద్దని కూడా ఆమెకు చెప్పాను. కొన్నిచోట్ల దశాంశాలు కనబడకుండా దగ్గరి పూర్తి అంకెకు సవరించి చూపిస్తారు. 64.95 అక్కడ 65 అని కనిపిస్తుంది, లిస్టు తయారయ్యేటప్పుడు 64.95గానే ఉంటుంది. చూడాల్సింది పీరియడ్ల అంకెలు.

అక్టోబరు చివర, వానలు

ఉత్తరాంధ్రలో అక్టోబరు అంటే భయం ఊరికే లేదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటాయి. ఈసారి అంత పెద్దదేమీ కాదు గానీ, బంగాళాఖాతంలో వాయుగుండం పుణ్యమా అని నాలుగు రోజులు కాలేజీలు మూసేశారు.

సెలవిస్తే హాజరుకు నష్టం లేదని పిల్లల నమ్మకం. 75కి పైన ఉన్నవాళ్లకు, ఈ రోజు ఉన్న శాతం వరకు అది నిజమే, అది కదలదు. గీత కింద ఉండి ఎక్కుతున్నవాళ్లకు మాత్రం సెలవే శత్రువు. ఎక్కడానికి వాళ్లకు కావాల్సింది పీరియడ్లు, అవే పోయాయి. ముందుకెళ్లే బస్సు వెనక పరిగెడుతున్నవాడికి దారి మధ్యలోనే అయిపోయినట్టు.

నాలుగు రోజులంటే 24 పీరియడ్లు. మొత్తం 450 కాస్తా 426 అయింది. బొబ్బిలి వాడికి మిగులు 25 నుంచి 19కి తగ్గింది, 24లో పావు పోయిందన్నమాట, వాడికి ఇంకా ఊపిరాడుతోంది. సాలూరు అమ్మాయికి పెట్టి చూశాను. ఆ రోజు నుంచి ఒక్కటీ మానలేదు పాపం. అన్నీ వచ్చినా 426లో 276, 64.79 శాతం. `inka_managaligedi` మైనస్ 1 చూపించింది. మూడు రోజులే సెలవిచ్చి ఉంటే 432లో 282, 65.28 వచ్చేది. నాలుగో రోజు వాన ఆమెను గీత కిందకు తోసింది, ఆమె చేసిందేమీ లేకుండానే.

ఈ కాగితం పట్టుకుని హెచ్‌ఓడీ దగ్గరికెళ్లాను. పోయిన రోజులకు బదులు క్లాసులు పెట్టడం మామూలే గానీ, ఎప్పుడు, ఎన్ని అన్నది ఎవరూ పట్టించుకోరు. ఎవరికి ఎన్ని పీరియడ్లు అవసరమో అంకెతో చూపిస్తే మాట్లాడటం తేలికైంది. సెక్షన్‌లో ఇలా 65 గీత దగ్గర ఊగుతున్నవాళ్లు ఇంకొందరు కూడా తేలారు, వాళ్ల పేర్లూ ఆ కాగితంలోనే ఉన్నాయి. నవంబరు రెండో శనివారం పూర్తి టైమ్‌టేబుల్‌తో నడపడానికి ఒప్పుకున్నారు.

నవంబరు మొదటి రోజులు

మిగిలినవి ఎన్ని అన్న అంకెను ప్రోగ్రామ్ లోపల్నుంచి తీసి విడి ఫైలులోకి మార్చాను. సెలవు వచ్చినా, అదనపు క్లాసు వచ్చినా అక్కడ ఒక్క లైను మారిస్తే అందరి లెక్కలూ మారతాయి. సెక్షన్ సీఆర్‌కి ఆ ఫైలు బాధ్యత ఇచ్చాను, టైమ్‌టేబుల్ మార్పులు నాకన్నా ముందు అతనికే తెలుస్తాయి.

రెండో శనివారం కలిపాక మొత్తం 432. సాలూరు అమ్మాయి మిగులు మైనస్ 1 నుంచి 1కి వచ్చింది. ఒక్క పీరియడ్. ల్యాబ్ ఉన్న మధ్యాహ్నం బస్సు తప్పితే 3 పోతాయి కనుక, ల్యాబ్ రోజుల్లో ముందు బస్సుకే రమ్మన్నాను. ఆమె స్నేహితురాలు హాస్టల్ గదిలో చోటిస్తానందట, వార్డెన్‌తో మాట్లాడాలి.

ఒక ఆదివారం కూడా క్లాసులు పెట్టమని అడిగాం. అది ఖాయమైతే మొత్తం 438, ఆమె మిగులు 3. ఇంకా సర్క్యులర్ రాలేదు. వచ్చేవరకు ఫైలులో 432 అనే ఉంచమని సీఆర్‌కి చెప్పాను.